కోటేషన్‌కు ముద్దత్ ఎన్ని రోజులు?

మన ఇళ్లలో ఎవరో ఒకరు కోటేషన్ రాసేవాళ్లే, ఎవరో ఒకరు కోటేషన్ అడిగేవాళ్లే. వెల్డింగ్ దుకాణం, అల్యూమినియం పని, ఫర్నిచర్, మోటార్ వైండింగ్, దావత్ వంట... మన మొహల్లాల్లో చేతి హునర్ మీద బతికే ఖాందాన్‌లు ఎన్ని లేవు! అదే ఇంట్లో బేటీ షాదీ కుదిరినా, మేడ మీద ఒక గది వేసినా మనమే ఇంకొకరి దుకాణం ముందు నిలబడి "భాయ్, ఎంతవుతుందో కాస్త రాసివ్వండి" అంటాం. ఆ కాగితం మీద కొలతలుంటాయి, మొత్తం ఉంటుంది, బయానా ఎంతో ఉంటుంది. ఈ ధర ఏ తారీఖు దాకా చెల్లుతుందో మాత్రం చాలా కాగితాల మీద ఉండదు. ఉన్నా, ఇంకెవరి కాగితంలోనో చూసి దించిన "30 రోజులు" అనే మాట ఉంటుంది.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. ఇనుము లాంటి మాల్‌తో చేసే పనికి మొత్తం ధరను ఏడు రోజులకు మించి నిలబెట్టకూడదు. మజూరీని మాత్రం మూడు నెలలైనా నిలబెట్టాలి. ఈ రెండింటినీ ఒకే అంకెలో కలిపేసి, ఆ అంకెకు ఒకే ముద్దత్ వేయడం వల్లే తక్రార్ వస్తోంది. గేట్లు, గ్రిల్లుల పనితో చెప్తాను. మా మామూ దుకాణం అదే, అక్కడ కోటేషన్లు కొన్నేళ్లుగా రాస్తున్నది నేనే.

మామూలు ఇల్లు ఒకటి తీసుకోండి. కింద మూడు గదులు, మీద రెండు. ఎనిమిది కిటికీలకు గ్రిల్లులు, ముందు ఒక గేటు, మెట్లకు రెయిలింగ్. 12 ఎంఎం చదరపు కడ్డీ మీటరుకు 1.13 కిలోలు తూగుతుంది. నాలుగడుగుల చదరపు కిటికీకి దానితో దగ్గర దగ్గరగా గ్రిల్ చేస్తే 20 కిలోలు దాటుతుంది. అన్నీ కలిపి, కోతలో పోయే ముక్కలతో సహా, 400 కిలోల ఇనుము కొనాలనుకుందాం. లెక్క సులువుగా ఉండాలని గుండ్రటి అంకెలు వేస్తున్నా. ఇనుము, ట్యాక్స్‌తో కలిపి, కిలో 60 రూపాయలు. అంటే ఇనుముకే 24,000. వెల్డింగ్ రాడ్లు, కటింగ్ వీల్స్, కరెంటు, రెడ్ ఆక్సైడ్, పెయింట్ కలిపి 4,000. ఒక కారీగర్‌కు రోజుకు 900, హెల్పర్‌కు 600, ఆరు రోజుల పని, అది 9,000. ట్రాలీ, బిగింపు 1,500. మొత్తం 38,500 తేలింది. దుకాణం రాసిచ్చింది 42,000. మిగిలే 3,500లోనే దుకాణం కిరాయి, మిషన్ల మరమ్మతు, యజమాని ఇంటి ఖర్చు అన్నీ.

ఇప్పుడు ఇనుము కిలోకు తొమ్మిది రూపాయలు పెరిగిందనుకోండి. 400 కిలోలకు 3,600. అక్కడికి నఫా మొత్తం పోయి, పైన వంద రూపాయలు జేబులోంచి పడ్డాయి. ఇనుము పెరిగింది నూటికి పదిహేను. దుకాణదారుడి నఫా పోయింది నూటికి నూరు. బయటివాళ్లకు ఈ సంగతి తట్టదు. "పదిహేను శాతమే కదా భాయ్, కాస్త సర్దుకోండి" అంటారు. 42,000లో సగానికి పైగా ఇనుమే అయినప్పుడు, నఫా అందులో పన్నెండో వంతే అయినప్పుడు, సర్దుకోవడానికి ఏముంటుంది?

దుకాణదారుడికి మాల్ అమ్మే ఇనుము గోదాం అతనికి ఎన్ని రోజుల ముద్దత్ ఇస్తుందో కూడా చూడాలి. ఫోన్ చేసి అడిగితే "ఆజ్ కా భావ్" అంటారు. ఈ రోజు డబ్బు కట్టి ఈ రోజు ఎత్తుకుంటేనే ఆ భావ్. రేపు పొద్దున మళ్లీ అడగాలి. చిన్న మిల్లుల్లో తయారయ్యే కడ్డీలు, పట్టీలు, యాంగిళ్ల ధరలు రోజూ కదులుతాయి. పెద్ద ఉక్కు కంపెనీలు ఎక్కువగా నెల మొదట్లో కొత్త ధరలు చెప్తాయి, పైపుల ధరలు వాటి వెంట నడుస్తాయి. తనకు ఒక్క రోజు వాదా కూడా లేని మనిషి ఎదుటివాడికి ముప్పై రోజుల వాదా రాసిస్తున్నాడు. మధ్యలో ఉన్న 29 రోజుల ఖత్రా ఎవరి నెత్తిన ఉంది? రాసిచ్చినవాడి నెత్తిన. ముప్పై రోజులంటే అందులో ఒకటో తారీఖు తప్పకుండా వస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. అందుకే నేను 27వ తారీఖునో 28న‌నో రాసే కోటేషన్‌కు ఏడు రోజులు కూడా ఇవ్వను. నెలాఖరు దాకానే అని రాస్తాను.

దీనిలో ఇంకో చిక్కుంది. ధరలు పెరుగుతాయి, తగ్గుతాయి, చివరికి బరాబర్ అవుతుంది కదా అని కొందరు అంటారు. కాదు. భావ్ పెరిగితే గాహక్ పాత కాగితం పట్టుకుని వస్తాడు. తగ్గితే ఆ కాగితాన్ని చించేసి పక్క దుకాణంలో కొత్త కోటేషన్ అడుగుతాడు. అందులో అతని తప్పేం లేదు, ఒప్పుకోనంత వరకు అతనికి ఏ బంధనమూ లేదు. కానీ రాసిచ్చినవాడికి మాత్రం ఆ కాగితం ఒక్క వైపే కోస్తుంది. పెరిగితే నుక్సాన్ అతనిది, తగ్గితే పనే అతనిది కాదు. ముద్దత్ ఎంత పొడుగైతే ఆ కత్తి అంత పొడుగు.

ఈ సంగతి దుకాణదారులకు తెలియదనుకోకండి. బాగా తెలుసు. అందుకే ముప్పై రోజులు రాసేవాడు ఇనుమును 60 కాకుండా 65 వేసి లెక్క కడతాడు. మన ఇంటి పనికి అది 2,000 రూపాయలు. అంటే 42,000 కాకుండా 44,000 చెప్తాడు. మూడో రోజే వచ్చి సౌదా ఖాయం చేసుకునే గాహక్ కూడా ఆ 2,000 కట్టాల్సిందే. ఆలస్యం చేసేవాడి కోసం తొందరగా వచ్చేవాడు డబ్బు కడుతున్నాడన్నమాట. కాబట్టి ఇల్లు కట్టుకునే భాయ్‌లకూ ఆపాలకూ నేను చెప్పేది ఇదీ: కోటేషన్ అడిగేటప్పుడు రెండు ధరలు అడగండి. "వారంలో ఖాయం చేస్తే ఎంత, నెలకు చేస్తే ఎంత?" ఆ రెండింటి మధ్య తేడా మీ ఆలస్యానికి కిరాయి. తేడా ఏమీ లేదని చెప్తే రెండు సంగతుల్లో ఒకటి అనుకోవచ్చు. ఆ కిరాయి మొదటి ధరలోనే కలిసి ఉంది, లేదా ఆయన ముప్పై రోజుల మాట మీద నిలబడే ఉద్దేశంతో రాయలేదు.

2022లో మా మామూకు జరిగింది చెప్తాను. అప్పటికి కోటేషన్లు ఆయనే రాసేవారు, పుస్తకంలోంచి చించిన కాగితం మీద మొత్తం ఒక్కటే వేసి. ఫిబ్రవరిలో ఒక ఇంటికి గేటు, గ్రిల్లులు రాసిచ్చారు. ముద్దత్ లేదు. ఆ నెలాఖరులోనే ఉక్రెయిన్ జంగ్ మొదలైంది. బొగ్గు, ఉక్కు ధరలు పైకి లేచాయి. మార్చిలో ఎక్కాయి, ఏప్రిల్‌లో ఇంకా ఎక్కాయి. రంజాన్ సగం గడిచాక ఆ ఇంటి పెద్దాయన కాగితం తీసుకుని వచ్చారు. ఈద్ లోపల గేటు కావాలి. మామూ భావ్ సంగతి చెప్పబోతే ఆయన ఒక్క మాటే అన్నారు, "మియా, ముసల్మాన్ జుబాన్ ఒకటే ఉండాలి." దాని తర్వాత మామూ ఏం మాట్లాడతారు? పాత ధరకే చేసిచ్చారు. ఆ ఈద్‌కు కారీగర్లకు ఇచ్చే పైసల కోసం మామీ చెవి కమ్మలు కుదువ పెట్టారు. ఆ పెద్దాయనకు ఈ విషయం తెలియదు, తెలిస్తే అలా అని ఉండేవారు కాదేమో. మే 21న సర్కారు ఉక్కు ఎగుమతి మీద 15 శాతం సుంకం వేసింది, దాని తర్వాత దేశంలో ఉక్కు ధరలు దిగాయి. అదే కాగితం మీద ముద్దత్ ఉండి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఉంటే, ఈద్‌కు గేటు ఒక్కటి చేసి గ్రిల్లులు జూన్‌లో చేసుకోవచ్చు.

జుబాన్ అనే మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఏది జుబానో ముందు తేల్చుకోవాలి. కోటేషన్ ఇచ్చినవాడు "ఈ ధరకు చేస్తాను" అన్నాడు. ఎదుటివాడు "సరే, చేయండి" అనలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు. మన ఫిఖ్ భాషలో మొదటిది ఈజాబ్, రెండోది ఖుబూల్. రెండూ కలిస్తేనే సౌదా. హనఫీ ఫిఖ్‌లో అయితే ఆ మజ్లిస్ ఖబూల్ లేకుండా ముగిసిపోతే ఈజాబ్ కూడా ముగిసినట్టే. అంటే ఆరు వారాల తర్వాత పాత కాగితం చూపించి జుబాన్ గుర్తు చేయడం ఆ లెక్కలో కూడా నిలవదు. అదే తారీఖు రాసి ఉంటే, ఆ తారీఖు దాకా అది వాదా. అప్పుడు భావ్ ఎంత పెరిగినా నిలబడాల్సిందే, అందులో నాకు షక్ లేదు.

చట్టం కూడా దాదాపు ఇదే దారిలో ఉంది, ఒక్క చోట తప్ప. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, ప్రతిపాదనలో గడువు రాసి ఉంటే ఆ గడువుతో అది రద్దవుతుంది. రాయకపోతే "సమంజసమైన కాలం" గడిచాక రద్దవుతుంది. ఎంత కాలం సమంజసమో చట్టం అంకె చెప్పదు, సరుకును బట్టి ఉంటుంది. 1866లో ఇంగ్లండ్‌లో దీని మీద పేరున్న కేసు ఒకటి నడిచింది. మాంటెఫియోరీ అనే ఆయన ఒక హోటల్ కంపెనీ షేర్లు కొంటానని జూన్‌లో దరఖాస్తు పెట్టాడు. కంపెనీ నవంబర్‌లో "సరే, ఇచ్చాం" అంది. ధర కదిలే సరుకు విషయంలో అంత ఆలస్యంగా ఒప్పుకుంటే చెల్లదని, ఆయన తీసుకోనక్కరలేదని కోర్టు తేల్చింది. షేర్లకు వర్తించిన ఆ మాట ఇనుముకు వర్తించదని ఎవరంటారు?

తేడా ఉన్న చోటు ఐదో సెక్షన్. ఎదుటివాడు ఒప్పుకున్నట్టు చెప్పక ముందు ప్రతిపాదనను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ఆ సంగతి అతనికి చేరితే చాలు. గడువు రాసి ఉన్నా సరే, ఆ గడువు కోసం అతను విడిగా ఏమీ చెల్లించకపోతే. అంటే ఏడు రోజులు అని రాసి నాలుగో రోజు వాట్సాప్‌లో "భావ్ పెరిగింది, ఆ కోటేషన్ వాపస్" అని పంపితే చట్టం పట్టుకోదు. నేనైతే అది ఒప్పుకోను. ఏడు రోజులు అని రాసిన చోట ఎనిమిదో రోజు దాకా నోరు మెదపకూడదు. అంత ధైర్యం లేకపోతే మూడు రోజులనే రాయాలి. ముద్దత్ చిన్నది చేసుకోవడం ఐబ్ కాదు, రాసిన ముద్దత్ మధ్యలో పారిపోవడం ఐబ్.

చట్టంలోని ఇంకో సంగతి రోజూ పనికొస్తుంది. గాహక్ "42 కాదు, 40కి చేయండి" అంటే అది ఒప్పుకోవడం కాదు, కొత్త ప్రతిపాదన. దాంతో పాత కాగితం కొట్టేసినట్టే. బేరం వారం రోజులు సాగి, చివరికి "పోనీ, 42కే కానివ్వండి" అన్నా పాత ముద్దత్ దానంతట అది లేచి రాదు. అందుకని బేరం తెగిన రోజు కాగితం మీద కొత్త తారీఖు వేయడం ఇద్దరికీ మంచిది.

సర్కారీ టెండర్లలో 90 రోజులు, 120 రోజులు ముద్దత్ ఉంటుంది కదా, మీరు ఏడు రోజులంటారేంటి అని ఒకరు అడిగారు. అక్కడ టెండర్ వేసినవాడు ముందుగా ధరావతు కడతాడు, మధ్యలో వెనక్కి పోతే ఆ సొమ్ము పోతుంది. వేసేది పెద్ద కాంట్రాక్టరు, ఆ మూడు నెలల ఖత్రాను ధరలో కలిపే వేస్తాడు. పని ఎక్కువ కాలం నడిచేదైతే సిమెంటు, ఉక్కు ధరలు మారినప్పుడు సవరించే షరతు కూడా కాంట్రాక్టులో ఉండొచ్చు. ఆ షరతును వదిలేసి ముద్దత్ ఒక్కటి కాపీ కొడితే మొహల్లా దుకాణం మునుగుతుంది.

ఇక గాహక్ వైపు నుంచి చూద్దాం. వారం సరిపోతుందా? దుకాణానికి వచ్చేవాళ్లను చూస్తే, వాళ్లు ఎదురు చూసేది రెండు రకాల దాని కోసం. మొదటిది నిర్ణయం. ఇంకో రెండు కోటేషన్లు తేవాలి, ఇంట్లో మాట్లాడాలి, దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి జుమా రోజు ఫోన్‌లో డిజైన్ చూపించాలి. ఏడు రోజుల్లో ఒక జుమా ఎలాగూ వస్తుంది. దీనికి వారం చాలు. రెండోది ఇల్లు. గోడలు లేచాయి కానీ ప్లాస్టరింగ్ కాలేదు. ప్లాస్టరింగ్ కాకుండా కిటికీ కొలత పక్కాగా తీయలేం, అర అంగుళం తేడా వస్తే గ్రిల్ కూర్చోదు. చిట్టీ పాట ఇంకో రెండు నెలలకు వస్తుంది. వీళ్లకు ఏడు రోజులు కాదు, ముప్పై రోజులు ఇచ్చినా ఉపయోగం లేదు. తొంభై రోజులు కావాలి. తొంభై రోజులు ఇనుము ధరను ఎవరూ నిలబెట్టలేరు. వీళ్లకు కావలసింది పొడుగు ముద్దత్ కాదు, లెక్క కట్టే పద్ధతి.

ఆ పద్ధతి మన దావత్‌లలో ఎప్పటినుంచో ఉంది. వలీమాకు బావర్చీని మాట్లాడేటప్పుడు ఏం చేస్తాం? ఆయన దేగ్‌కు ఇంత అని మజూరీ చెప్తాడు, సామాన్ చిట్టీ రాసిస్తాడు. గోష్ట్, బాస్మతి, నెయ్యి, మసాలా మనమే తెస్తాం. షాదీ మూడు నెలల తర్వాతైనా బావర్చీ మజూరీ మారదు, గోష్ట్ ఆ రోజు భావ్‌కే వస్తుంది. ఎవరి ఖత్రా ఎవరిదో వేరుగా ఉంది కాబట్టి దేగ్ దగ్గర ధర గురించి తక్రార్ రాదు. ప్లేటుకు ఇంత అని మొత్తం మాట్లాడుకునే క్యాటరింగ్ వచ్చాకే, "చికెన్ పెరిగింది సాబ్, ప్లేటుకు ఇరవై కలపండి" అనే మాట వింటున్నాం.

గ్రిల్లుల పనికి అదే వేద్దాం. మన లెక్కలో 42,000లోంచి ఇనుము 24,000 తీసేస్తే 18,000. దాన్ని 400 కిలోలతో భాగిస్తే కిలోకు 45. ఈ 45లో మజూరీ, పెయింట్, కరెంటు, ట్రాలీ, నఫా అన్నీ ఉన్నాయి. కాబట్టి కాగితం మీద ఇలా రాస్తాం: "చేత కిలోకు 45, మూడు నెలల దాకా మారదు. ఇనుము పని మొదలయ్యే రోజు గోదాం బిల్లు ధరకు." చేతలో పెయింట్ కూడా ఉంది కదా, అది పెరగదా అనొచ్చు. పెరుగుతుంది, కానీ 4,000 మొత్తంలో నూటికి పది పెరిగినా 400 రూపాయలు. ఆ మాత్రం దుకాణం మోయాలి. ఇనుము ఒక్క రూపాయి కదిలినా అదే 400. కదలిక ఎక్కడ పెద్దదో దాన్నే విడదీయాలి, ప్రతి మేకుకూ షరతు పెడితే ఆ కోటేషన్ ఎవరూ చదవరు.

దీనికి గాహక్ భయం ఒకటుంది, అది సరైన భయమే. బిల్లు ధరకు అంటే దుకాణదారుడు తక్కువ ధర వెతకడు. కిలోల లెక్క అంటే ఎక్కువ బరువు వేస్తాడు, పల్చటి పైపు బదులు మందం పైపు వాడి బిల్లు పెంచుతాడు. కాబట్టి మూడు మాటలు ముందే ఖాయం చేసుకోవాలి. పైపు మందం, కడ్డీ సైజు కాగితం మీద ఉండాలి. బరువుకు కాటా రసీదు ఉండాలి, అంచనా 400 అయితే 420 దాటితే అడగకుండా వేయకూడదు. గోదాం బిల్లు నేరుగా ఇంటివాళ్ల చేతికి రావాలి, కావాలంటే వాళ్లే ఇంకో గోదాంలో అడిగి తెచ్చుకోవచ్చు. ధర తగ్గితే ఆ తగ్గింపు కూడా వాళ్లదే అని అక్షరాలా రాయాలి. పెరిగినప్పుడే గుర్తొచ్చే షరతు షరతు కాదు, చాలాకీ.

"ఇనుము ఆ రోజు ధరకు" అంటే ఖీమత్ తేలకుండా సౌదా చేసినట్టు కాదా అని దీన్‌దారీ ఉన్నవాళ్లకు సందేహం రావచ్చు. వాళ్లకు దారి సులువు. బావర్చీ పద్ధతే. ఇనుము మీరే కొనండి, దుకాణానికి ఉజ్రత్ మాత్రం ఇవ్వండి. కిలోకు 45 మొదటి రోజే తేలి ఉంది.

బయానా గురించి ఒక అపోహ ఉంది, దాని మీదే ఎక్కువ మాటలు వస్తాయి. "2,000 ఇచ్చాను కదా, ధర లాక్ అయినట్టే" అనుకుంటారు. 2,000తో కిలో 60 చొప్పున వచ్చేది 33 కిలోలు. మిగతా 367 కిలోలు ఇంకా బజారు చేతిలోనే ఉన్నాయి. ధర నిజంగా ఆగాలంటే ఇనుముకు సరిపడా, అంటే 24,000, చేతికి రావాలి. దుకాణదారుడు ఆ రోజో మర్నాడో మాల్ ఎత్తి బిల్లు చూపించాలి. అలా కాక చిన్న బయానా తీసుకుని "ఇక ధర మారదు" అని నోటితో చెప్పడం ఇద్దరినీ మోసం చేసుకోవడమే. పూర్తి డబ్బు తీసుకుని మాల్ కొనకుండా పాత అప్పులు తీర్చుకునే దుకాణాలూ ఉన్నాయి. అందుకే బిల్లు మీద మీ పేరు, తారీఖు చూడకుండా పెద్ద బయానా ఇవ్వకండి. ఆ సొమ్ము అమానత్.

ముందుగా కొనడానికీ ఒక హద్దుంది. వానాకాలంలో రెండు నెలలు బయట పడి ఉన్న కడ్డీకి తుప్పు పడుతుంది. దాన్ని రుద్ది శుభ్రం చేయడానికి ఒక మనిషికి రోజున్నర పడుతుంది, ఆ మజూరీ ఎవరూ లెక్కలో వేసుకోరు. కట్టే ఇంటి దగ్గర పెడితే దొంగతనం. దుకాణంలో పెడితే అతనికి చోటు లేదు. నా అనుభవంలో మూడు వారాల లోపల పని మొదలయ్యేటట్టుంటేనే ముందు కొనడం లాభం. అంతకన్నా దూరమైతే బిల్లు ధర పద్ధతే మేలు.

వేరే పనులకు ఈ ఏడు రోజులు పనికిరావు. దర్జీ పనిలో దారం, లైనింగ్ కన్నా చేతే ఎక్కువ, దానికి మూడు నెలలు ఇచ్చినా ఫరక్ పడదు. మోటార్ వైండింగ్‌లో రాగి తీగ ధర రోజూ మారుతుంది, అక్కడ సాయంత్రం దాకానే. బంగారమైతే రాసేలోపే మారుతుంది. అందుకే సునార్ తరుగు, మజూరీ రాసిస్తాడు కానీ బంగారం ధర రాసివ్వడు. మీ పనికి ముద్దత్ ఎంతో తెలియాలంటే మీకు మాల్ అమ్మేవాడు ధరను ఎన్నాళ్లు నిలబెడతాడో అడగండి. తర్వాత ఆ మాల్ ఎంత పెరిగితే మీ నఫా మొత్తం పోతుందో లెక్క కట్టండి. మన గ్రిల్లుల లెక్కలో అది దాదాపు తొమ్మిది రూపాయలు. గడచిన రెండేళ్ల బిల్లులు తీసి, అంత కదలిక రావడానికి ఎన్ని వారాలు పట్టిందో చూడండి. అందులో నాలుగో వంతు కన్నా ఎక్కువ ముద్దత్ ఇవ్వకండి.

ఇప్పుడు మామూ దుకాణంలో నేను రాసేది ఇంతే: "ఈ మొత్తం ఫలానా తారీఖు సాయంత్రం దాకా. ఇనుము కిలో 60 లెక్కన వేశాం. ఆ తారీఖు తర్వాత ఇనుము బిల్లు ధరకు, చేత కిలోకు 45 ఫలానా నెల దాకా. ఇనుము రెండు రూపాయల లోపు పెరిగినా తగ్గినా మొత్తం మారదు." చివరి వాక్యం చిన్న చిన్న కదలికలకు ఫోన్లు చేసుకోకుండా ఉండడానికి. "ఏడు రోజులు" అని రాయను, తారీఖే రాస్తాను. ఏడు రోజులు అంటే రాసిన రోజు నుంచా, వాట్సాప్‌లో చూసిన రోజు నుంచా అని ఒకసారి పావుగంట వాదన నడిచింది. ఆ తారీఖును కాగితం అడుగున చిన్న అక్షరాల్లో కాకుండా మొత్తం అంకె పక్కనే, అదే సైజులో వేస్తాను. ఎందుకంటే ఇంటివాళ్లు కాగితం మొత్తం దాచుకోరు, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతారు. ఫోటోలో 42,000 కనబడే చోట తారీఖు కూడా కనబడాలి.